వదిన చేసిన ఫోను

మా వదినకు పదహారేళ్లుగా కుట్టుపని తెలుసు. మనుషుల్ని పనిలో పెట్టుకోవడం మాత్రం తెలియదు. నాకు తెలుసని నేను అనుకోవడమే కొంప ముంచింది.

ఇన్నేళ్లూ ఇంట్లో మిషన్ తొక్కిన వదిన, నాలుగు నెలల క్రితం నా జిరాక్స్ షాపు పక్కగదిలో దారాలు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డలు అమ్మే దుకాణం తెరిచింది. గిరాకీ బాగానే ఉంది. కానీ అన్నం తినాలంటే షట్టరు దించాలి, సరుకు తేవాలంటే సగం రోజు మూసుకోవాలి. పనికి మనిషి కావాలని నేనే కాగితం అచ్చేసి అద్దానికి అంటించాను. వారం తిరిగేసరికి ఇరవై రెండు బయోడేటాలు వచ్చి పడ్డాయి.

వాటిని ఎలా జల్లెడపట్టాలో వదినకు చెప్పేవాళ్లు లేరు. కట్టింగు బల్ల మీద తనే మూడు కుప్పలు పెట్టింది: పిలవాల్సినవి, చూద్దామనుకున్నవి, వద్దనుకున్నవి.

"ఇదేంటయ్యా, అందరూ కష్టపడే మనస్తత్వం అనే రాశారు! బద్ధకస్తులు ఒక్కరూ లేరా?"

"అవన్నీ నా షాపులో టైపు చేసినవే వదినా. ఆ ముక్క నేనే పెడతాను."

వదిన నన్ను కొరకొరా చూసింది.

చేతిరాత కాగితం ఒక్కటే ఉంది. ఒక బట్టల షోరూములో ఆల్టరేషన్ కౌంటరు, ఐదేళ్లు, ఇప్పటికీ అక్కడే. కింద ఆ అమ్మాయి ఇలా రాసింది: 'గుడ్డకు దారం జతచేసేటప్పుడు గుమ్మం బయటికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూస్తాను.'

"ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది. ఈ పిల్లకు పని తెలుసు" అంది వదిన, కళ్లు మెరుస్తుండగా.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. "తొందరపడకు. పనిచేస్తున్న చోటికి ఫోన్ చేసి మనిషి ఎలాంటిదో కనుక్కో. పెద్ద కంపెనీల్లో అంతే చేస్తారు" అన్నాను. నేను ఏ కంపెనీ గడపా తొక్కిన పాపాన పోలేదు.

షోరూము నంబరు కాగితం మీదే ఉంది. వదిన స్పీకరులో పెట్టి, ఆ అమ్మాయి పేరు చెప్పి అడిగింది.

"ఆ, మా దగ్గరే చేస్తోంది. మీరెవరు?" అన్నాడు మేనేజరు.

"మా షాపులో పనికి బయోడేటా ఇచ్చిందండీ, అందుకని..."

"ఓహో. మాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదే" అని ఫోన్ పెట్టేశాడు.

వదిన కంగారుగా చేతిలోని కాగితాన్ని తిరగేసింది. వెనకవైపు రెండు వాక్యాలు. 'నేను వేరే పని చూసుకుంటున్నట్టు ఇప్పటి యజమానికి తెలియదు, దయచేసి నన్ను అడగకుండా ఫోన్ చేయవద్దు. నా గురించి పాత యజమానిని అడగండి.' పక్కనే ఆ నంబరు.

మిగతా కాగితాలన్నిటికీ వెనకవైపు ఖాళీయే. అందుకే తిప్పి చూసే అలవాటు పోయింది. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వదిన మళ్లీ మేనేజరుకు చేసింది. "తప్పంతా నాది బాబూ, ఆ అమ్మాయిని ఏమీ అనకండి" అని బతిమాలింది. "మా స్టాఫు సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ తర్వాత వదిన ఎవరు ఏ జిప్పు అడిగినా ఇంకోటి ఇచ్చింది. నేను కదలకుండా అక్కడే కూర్చున్నాను.

నాలుగింటికి ఒకామె గుమ్మంలోకి వచ్చింది. కొలత టేపు ఇంకా మెడలోనే ఉంది.

"ఫోన్ చేసింది మీరేనా?"

"నేనేనమ్మా."

"రేపట్నుంచి రావద్దన్నారు. మా ఇంట్లో నాదొక్కటే జీతం."

"అయ్యో తల్లీ! రేపే ఇక్కడ చేరు."

"జాలిపడి ఇస్తున్నారా, పని చూసి ఇస్తున్నారా?"

వదిన అబద్ధం చెప్పలేదు. "పొద్దున పని చూసే అనుకున్నాను. ఇప్పుడు నీ జీతం పోగొట్టానని భయమేసి అడుగుతున్నాను."

"ఆ సలహా నాదేనమ్మా" అన్నాను.

"ఇచ్చింది మీరే కావచ్చు, చేసింది ఈవిడ కదండీ" అంది ఆమె, నా వైపు చూడకుండానే.

జీతమెంత, సెలవులెన్ని, వద్దనుకుంటే ఎన్నాళ్ల ముందు చెప్తారు, అన్నీ కాగితం మీద రాసివ్వమంది. వదిన అన్నీ రాసింది. తీసేయాల్సి వస్తే నెల ముందు చెప్తానని రాసి సంతకం పెట్టింది. ఆమె అక్షరం అక్షరం చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఒక నెల చేస్తానండి. మీ దగ్గర ఉండాలో వద్దో అప్పుడు చెప్తాను."

"అలాగేనమ్మా" అంది దుకాణం యజమానురాలు, చేతులు కట్టుకుని.