మాన్యువల్ చెప్పినట్టే తిరిగిన లూపు

అచ్చులో ఉన్నదంతా అచ్చమైన నిజమని నమ్మిన వెర్రివాణ్ణి నేను. అచ్చుతప్పును కూడా నా వేళ్ల తప్పుగా ఒప్పుకున్నాను.

వేలూరు కాలేజీ, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ల్యాబ్. పాఠాల కోసమే చేసిన చిన్న ప్రాసెసర్ కిట్టు: కొన్ని మీటలు, ఎర్రంకెల తెర. ఐదు నుంచి ఒకటి దాకా కూడమన్నారు. ముందు C అనే రిజిస్టరులో ఐదు, A లో సున్నా పెట్టాలి. తర్వాత లూపు: A కి C ని కలుపు, C లో ఒకటి తగ్గించు, అది సున్నా కాకపోతే వెనక్కి దూకు. ఎక్కడికి? మాన్యువల్ మెమరీలో 8000 నంబరు గడికి అంది. నేనూ సరేనన్నాను. నడిపించగానే తెర మీద 'E' వెలిగింది. పని జరుగుతోందని దాని అర్థం. జరుగుతూనే ఉంది, జవాబు మాత్రం రాలేదు.

మాన్యువల్ రాసిన ల్యాబ్ సార్ కిట్టుకన్నా ముందు నన్ను రీసెట్ చేశారు.

"బుర్ర యాడ పెట్టినావప్పా? గుడియాత్తం బస్సులోనే వదిలేసి వచ్చినావా?"

"మాన్యువల్లో ఉండేదే కొట్టినాను సార్."

"మాన్యువల్ కరెక్టే. నీ వేళ్లే తప్పు. మళ్లీ కొట్టు!"

అందరూ నవ్వారు. తెర వైపు చూడకుండానే రికార్డులో జవాబు రాసేసుకున్న తెలివైనవాళ్లు వాళ్లు. నేను సాయంత్రం దాకా కొట్టాను.

ఇంటికి పోయే బస్సు కే.వి.కుప్పం దాటాక వెలిగింది, ఈసారి నాకు. C లో ఐదు పెట్టే ఆదేశం ఉన్నదే 8000లో! నాలుగుకు దిగిన ప్రతిసారీ మళ్లీ ఐదవుతుంటే సున్నా ఎప్పటికవుతుంది? కలిపే పని మొదలయ్యేది 8004లో.

తర్వాతి ల్యాబులో 8004 కొట్టాను. పదిహేను వచ్చింది, కిట్టు భాషలో 0F. సార్ తెర చూడలేదు, నా కాగితం చూశారు.

"మాన్యువల్లో ఇట్లా ఉండాదా?"

"లేదు సార్, కానీ జవాబు..."

"జవాబెవురడిగినారు? నాకే పాఠం చెప్పేటోడివైపోయినావా? మాన్యువల్లో ఉండేదే రికార్డులో రాయి. లేకుంటే సంతకం లేదు. సంతకం లేకుంటే పరీక్షా లేదు, పో!"

రాశాను. సంతకం పడింది.

పరీక్షకు బయటి కాలేజీ నుంచి మేడమ్ వచ్చారు. నాకు అదే లూపు పడింది. 8004 కొట్టి మార్కులు తెచ్చుకోవచ్చు. వేళ్లు 8000 కొట్టాయి. 'E'.

"ఎందుకప్పా ఆగలేదు?"

"సార్ రాయమన్నట్టే కొట్టినాను మేడమ్. రికార్డులో సంతకం కూడా ఉండాది."

మేడమ్ రికార్డు చూసి, "మీరే ఒకసారి కొట్టండి సార్," అన్నారు. సార్ నా కుర్చీలో కూర్చుని మాన్యువల్ తెరిచి ఒక్కో బైటూ కొట్టారు. 'E'.

మేడమ్ నా వైపు తిరిగారు. "నువ్వు సరిచేయగలవా?"

దూకే చోటు నంబరు చివర 00 తీసి 04 పెట్టాను. 0F వెలిగింది. ఎందుకో చెప్పాను, ఆవిడ నిండుగా మార్కులు వేశారు.

సార్ ముఖం ఎర్రంకెల రంగుకొచ్చింది. "నేనూ 04 అనే కదప్పా కొట్టినా?"

"వేళ్లు తప్పుంటాయి సార్," అన్నాను, వీలైనంత వినయంగా. "మళ్లీ కొట్టండి."