మణికట్టులో తెల్లగీత

ఆ రూట్లో తిరిగే సిటీబస్సుల్లో ఆ కండక్టరమ్మ గొంతు తెలియనివాళ్ళు లేరు. "ముందుకి జరగండి నాయనా, లోపల ఇంకో ఊరు పడుతుంది!" అని ఆమె అరిస్తే, తిట్టుకునేవాళ్ళు కూడా నవ్వుకుంటూనే జరిగేవారు. గొంతు గంటలా మోగుతుందని డిపోలో ఆమెకు గంటమ్మ అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకి అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడటం మానేసింది.

గంటమ్మకి ఊహ తెలిసేసరికే తల్లీ లేదు, తండ్రీ లేడు. ఉన్నదల్లా అక్క. ఆ అక్కకి కూడా అప్పటికి ఇంకా చిన్నతనం వదల్లేదు. అయినా కుట్టుమిషను ముందు కూర్చుని, పొరుగువాళ్ళ బట్టలన్నీ కుట్టి చెల్లెల్ని పెంచింది. జడ వేసింది, బడికి పంపింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని అలాగే మిషను తొక్కింది. తాను మాత్రం పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఎవరైనా కదిపితే, "దీన్ని పెంచేసరికే నా సరదా తీరింది" అని కొట్టిపారేసేది.

గంటమ్మ లారీ డ్రైవర్ని చేసుకుంది. అతను బండెక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో అతనికే తెలియదు. కూతురు గువ్వ పుట్టాక, ఉద్యోగంలో చేరాల్సిన రోజు దగ్గర పడుతుంటే గంటమ్మకి దిగులు పట్టుకుంది. అక్క ఒక్కమాటలో తేల్చేసింది. "నిన్ను పెంచినదాన్ని, నీ కూతుర్ని పెంచలేనా? తెచ్చి నా దగ్గర పడెయ్." అప్పట్నుంచీ గువ్వ పగలంతా పెద్దమ్మ దగ్గరే.

అక్క ఉండేది రెండు పెద్ద మేడల మధ్య ఇరుక్కున్న ఇంట్లో, కింది వాటాలో. మిట్టమధ్యాహ్నం కూడా మిషను మీద లైటు వేసుకోవాలి. ఎండ కావాలంటే మెట్లెక్కి డాబా మీదికి పోవాల్సిందే. పొద్దున్నే చీకటితో గువ్వని అక్కడ దించడం, దీపాలు పెట్టాక తెచ్చుకోవడం గంటమ్మకి అలవాటైపోయింది. పుట్టినప్పుడు ఆస్పత్రిలో విటమిన్ చుక్కలు రాశారు. సీసా అయిపోయాక మళ్ళీ కొనాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. పిల్ల పగలు గంజి, రాత్రి తల్లిపాల మీదే పెరిగింది.

తోటిపిల్లలు పరుగులు పెడుతుంటే గువ్వ ఇంకా గోడ పట్టుకునే నిలబడేది. వంగిన కాళ్ళతో రెండు అడుగులు వేసి కూలబడి ఏడ్చేది. నిద్రలో తలంతా చెమట పట్టి దిండు తడిసిపోయేది. ఒకరోజు గాజులు తొడుగుదామని గంటమ్మ చెయ్యి పట్టుకుంటే, మణికట్టు దగ్గర ఉబ్బెత్తుగా తగిలింది. నొక్కి చూసింది. వాపు కాదు, ఎముకే. రెండో చెయ్యీ అంతే.

పిల్లల డాక్టరమ్మ చేతులూ కాళ్ళూ చూసి, మణికట్టుకి ఎక్స్‌రే రాసింది. అది వచ్చాక వెలుగుపెట్టె మీద పెట్టి గంటమ్మని దగ్గరికి పిలిచింది.

"ఇదిగోనమ్మా, చేతి ఎముకల చివర్లు. మామూలుగా అయితే ఇక్కడ కత్తితో కోసినట్టు నున్నగా ఉండాలి. మీ పాపకి చూడండి, గిన్నెలా లోపలికి గుంటపడింది. అంచు చూశారా, చిరిగిన గుడ్డకి పోగులు లేచినట్టు ఎలా ఉందో. ఎముక పెరిగేది ఈ చివర్లోనే. అక్కడ కొత్తగా పుట్టిన మెత్తటి పదార్థం సున్నం, అంటే కాల్షియం, పట్టి గట్టిపడాలి. విటమిన్ డి లేకపోతే తిన్న సున్నం ఒంటికి సరిగ్గా పట్టదు. ఆ మెత్తటిది గట్టిపడకుండా అలాగే పోగుపడి వెడల్పవుతుంది. మీ చేతికి తగిలిన ఉబ్బు అదే. దీన్ని రికెట్స్ అంటారు."

"కాళ్ళు ఇలాగే వంకరగా ఉండిపోతాయా డాక్టరుగారూ?"

"ఉండవు. చిన్నపిల్ల కదా, విటమిన్ డి చుక్కలు రోజూ తప్పకుండా వేస్తే, కాల్షియం అందితే చాలావరకు అవే సర్దుకుంటాయి. కాస్త ఎండలో ఆడించండి. కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఫోటో తీద్దాం. మందు పనిచేస్తే ఈ పోగుల చివర తెల్లటి గీత పడుతుంది. సున్నం చేరిందనడానికి అదే గుర్తు."

ఆ సాయంత్రం అక్కచెల్లెళ్ళిద్దరూ పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని ఏడ్చారు. అక్కే ముందు కళ్ళు తుడుచుకుంది. "నువ్వు బస్సులో ఉంటావు, నీకెక్కడ కుదురుతుంది? చుక్కలు నేను వేస్తాలే. డాబా మీదికి కూడా నేనే తీసుకెళ్తా." గంటమ్మకి గుండెల మీద బరువు దిగినట్టయింది. "కాళ్ళు కుదురుకున్నాక డిపోలో పిల్లల గది ఉందిగా, అక్కడ వేద్దాం అక్కా. నీకూ కాస్త ఊపిరాడుతుంది" అంది. అక్క దారం తెంపుతూ, "నీ ఇష్టం" అంది.

సీసాలు అయిపోతున్నాయి, కొత్తవి వస్తున్నాయి. "వేశావా అక్కా?" అంటే, "వేశానే, ఇవాళ నోరు కూడా తుడుచుకుంది దొంగముండ" అనేది అక్క. గంటమ్మ నవ్వేది.

రెండో ఎక్స్‌రేలో తెల్లగీత లేదు. పోగులు ఇంకాస్త చెదిరాయి. రక్తపరీక్షలో విటమిన్ డి అడుగంటి ఉంది.

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. "మందుకి లొంగని రికెట్స్ కూడా ఉంటుందమ్మా. కానీ అందులో రక్తంలో విటమిన్ పెరుగుతుంది, ఎముకే మారదు. ఇక్కడ విటమినే పెరగలేదు. అంటే మందు కడుపులోకి పోవడం లేదు, లేదా పోయినా ఒంటికి పట్టడం లేదు. ఇంట్లో ఎవరు వేస్తున్నారు?"

"మా అక్క."

"రోజూ వేస్తున్నారంటారా?"

గంటమ్మకి చర్రున కోపం వచ్చింది. బస్సులో అరిచే గొంతు బయటికొచ్చింది. "డాక్టరుగారూ, మా అక్క గురించి మీకేం తెలుసు? నన్ను కన్నది మా అమ్మే గానీ, పెంచింది ఆవిడ. తన నోటి దగ్గర కూడు నాకు పెట్టిన మనిషి. నా బిడ్డకి చుక్కమందు వెయ్యదా? కావాలంటే ఆవిడ మీద ఒట్టేసి చెప్తాను." బయట కూర్చున్న తల్లులు లోపలికి తొంగి చూశారు.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. "సరే అమ్మా, నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు. మొత్తం మోతాదు ఒకేసారి నా కళ్ళముందే తాగిద్దాం. కాల్షియం మాత్రం ఇంట్లో మీ చేత్తోనే ఇవ్వండి. అప్పటికీ గీత పడకపోతే పేగుల పరీక్షలకి వెళ్దాం."

గువ్వ ఆ మందు అక్కడే డాక్టరమ్మ ముందే మింగింది. గంటమ్మ కాల్షియం పొద్దున ఇంట్లో ఒకసారి, సాయంత్రం ఇంటికి తెచ్చుకున్నాక ఒకసారి పట్టేది. ఆస్పత్రిలో జరిగిన మాటలు అక్కకి చెప్పలేదు. చెబితే ఆవిడ మనసు నొచ్చుకుంటుందని.

మూడో ఎక్స్‌రే వెలుగుపెట్టె మీదికి ఎక్కగానే గంటమ్మ కంటికే కనిపించింది. చెదిరిన పోగుల చివర, సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీత. డాక్టరమ్మ ముఖం విప్పారింది. "పట్టిందమ్మా! సున్నం చేరుతోంది. పేగుల్లో ఏ లోపమూ లేదు."

గంటమ్మ పిల్లని ఎత్తుకుని ముద్దులు పెట్టింది. ఆమె నవ్వు ముఖం మీద ఉండగానే డాక్టరమ్మ చివరిమాట మనసులోకి దిగింది. పేగుల్లో లోపం లేదు. పోసిన మందు పట్టింది. మరి అంతకుముందు సీసాలకి సీసాలు ఎక్కడికి పోయాయి? డాక్టరమ్మ ఆ ప్రశ్న అడగలేదు. అడక్కుండా తల వంచుకుని రాసుకుంటున్న తీరుకి గంటమ్మ ముఖం మాడిపోయింది.

తిన్నగా అక్క వాటాకి వచ్చింది. గడపలో చెప్పులు విప్పకుండానే, పిల్లని చంకనేసుకుని మెట్లెక్కింది. డాబా మీద ఎండ కాస్తోంది. గువ్వ రెండు చేతులతో కళ్ళు మూసుకుని తల్లి మెడలో ముఖం దాచుకుంది. ఆరేసిన దుప్పటి గాలికి లేస్తే బెదిరిపోయింది. రోజూ ఇక్కడ ఆడిన పిల్ల అలా చెయ్యదు.

కిందికి వచ్చేసరికి అక్క మిషను మీద ఉంది.

"అక్కా, చుక్కలు వేశావా?"

"వేశాను కదే."

"ఆస్పత్రిలో వాళ్ళు తాగిస్తే ఎముక గట్టిపడింది. నువ్వు ఇన్నాళ్ళు వేస్తే ఎందుకు గట్టిపడలేదు?"

మిషను ఆగింది. అక్క గుడ్డ మీంచి చెయ్యి తియ్యలేదు. "మొదట్లో వేశాను. ఉమ్మేసింది. మళ్ళీ వేశాను. తర్వాత... గిన్నెలు కడిగే తొట్టిలో పోశాను."

"తొట్టిలోనా?"

"సీసా నిండుగా ఉంటే నువ్వు అడుగుతావని."

అక్క గుడ్డ అంచు మడుస్తూ అంది. "కాళ్ళు కుదురుకుంటే డిపోలో వేస్తానన్నావు. నిన్ను పెంచి బస్సుకి ఇచ్చాను. ఇది కూడా వెళ్ళిపోతే ఈ గదిలో నేనూ, ఈ మిషనూ. కుంటిది కావాలని కోరుకోలేదే, ఒట్టు. ఇంకొన్నాళ్ళు నడవకపోతే చాలనుకున్నాను. అంతే."

"ఒక్కమాట అడిగుంటే నీ దగ్గరే ఉంచేదాన్ని కదే అక్కా! నీ కోసం డాక్టరమ్మని నోటికొచ్చినట్టు అన్నాను. నీ మీద ఒట్టేశాను." గంటమ్మ గొంతు ఏ బస్సులోనూ లేనంత చిన్నదైపోయింది. "అది రాత్రిళ్ళు కాళ్ళు నొప్పులని ఏడుస్తుంటే నువ్వే కదా నూనె రాసి పంపావు. ఎలా రాశావే?"

అక్క కుట్టుగుడ్డలో ముఖం దాచుకుంది. పెద్దమ్మ ఏడుస్తోందని గువ్వ చెయ్యి చాపింది. గంటమ్మ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుంది.

మర్నాటి నుంచి గువ్వ డిపోలో పిల్లల గదికి వెళ్ళింది. గంటమ్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి తలుపు దగ్గరే నిలబడి, "ఆ రోజు నోరు జారాను" అంది. "తల్లి కదా" అని ఊరుకుంది డాక్టరమ్మ. కొన్ని నెలలకి ఎముకల చివర్లు నున్నబడ్డాయి. మోకాళ్ళ దగ్గర కొంచెం వంపు మిగిలింది. పెరిగేకొద్దీ అదీ తగ్గుతుందన్నారు. బస్సులో జనానికి గంటమ్మలో తేడా ఏమీ కనబడలేదు. మునుపటిలాగే అరిచేది, నవ్వించేది. అక్క సంగతి ఎవరడిగినా మాత్రం మాట మార్చేసేది. భర్తకి కూడా పూర్తిగా చెప్పలేదు. చెబితే అతను ఆ గడప తొక్కనివ్వడు. అది కూడా ఆమెకి ఇష్టం లేదు.

సెలవు రోజున పిల్లని తీసుకుని వెళ్ళేది. గువ్వ దుడుదుడుమంటూ వెళ్ళి పెద్దమ్మ ఒళ్ళో వాలేది. అక్క దానికి కొత్త గౌను కుట్టి ఉంచేది. గంటమ్మ మంచం మీద, ఇద్దరూ కనిపించేచోట కూర్చునేది. ఒకప్పుడు ఆ మంచం మీదే ఒళ్ళు మరిచి నిద్రపోయేది.

ఒకసారి పిల్లకి జలుబు చేసింది. అక్క మందు సీసా అందుకుని మూత తిప్పబోయింది. గంటమ్మ లేచి ఆవిడ చేతిలోంచి సీసా తీసుకుని, తానే కొలిచి పట్టింది.

వెళ్ళేటప్పుడు అక్క గుమ్మం దాకా వచ్చింది. "పోనీ ఇవాళ సాయంత్రం దాకా ఉంచి వెళ్ళవే. నువ్వు బజారు పనులు చూసుకో."

"వద్దులే అక్కా" అంది గంటమ్మ, వంగి గువ్వకి చెప్పులు తొడుగుతూ.