పీతలు సగం మిగిలితేనే రాజీనామా

అమలాపురంలో ఓ కాలేజీ ఆఫీసులో నాది గుమాస్తా ఉద్యోగం. రాజోలు అవతల, గోదావరి సముద్రంలో కలిసే దగ్గర, మా ఆవిడ అన్నగారికి ఓ చెరువుంది. కుబుసం విడిచి పెంకు మెత్తగా, లోపల మాంసం లేకుండా ఉన్న పీతల్ని కొని, గట్టిపడేదాకా మేపి అమ్మాలన్నది మా ఇద్దరి పథకం. అప్పటికే మనసులో నేను ఆ కాలేజీని కొనేసి ప్రిన్సిపాల్‌ను మార్చేశాను.

మా ఆవిడ మాత్రం షరతు పెట్టింది.

“మూడు విడతలు వేసి చూడండి. అప్పటిదాకా రాజీనామా జోలికెళ్లకండి. వరసగా రెండు విడతల్లో సగం పీతలు కూడా మిగలకపోతే ఆపేయాలి. కారణం ఏదైనా సరే, ఆపేయాలి.”

“ఆయ్,” అన్నాం నేనూ, బావగారూ, మహా వినయంగా.

మొదటి విడత అన్నిటినీ కలిపి వదిలాం. కురుక్షేత్రంలోనైనా సాయంత్రానికి యుద్ధం ఆపేవారు. పెంకు గట్టిపడినవి మెత్తటివాటి పొట్ట చీల్చి, కాళ్లు విరిచి, కళ్లు పీకి తినేశాయి. వంతెనలు మోసేంత పట్టకారు డెక్కలున్న రాక్షసులే మిగిలారు, అదీ సగం కూడా కాదు.

రెండో విడతకి నైలాన్ వలతో గదులు కట్టాం. ఆదివారం వెళ్లేసరికి వల పేలికలయింది, నీటి మీద పెంకు ముక్కలు తేలుతున్నాయి. మిగిలినవి సగానికి చాలా తక్కువ.

“తప్పు వలదండీ, పీతలది కాదు,” అన్నాను. “ఈ విడత లెక్కలోకి రాదు.”

“వెదురు తడికలు వేద్దారండి బావగారూ. రేపే రాజీనామా ఇచ్చేసి వచ్చేయండి, దగ్గరుండి చూసుకుందురుగాని,” అన్నారు బావగారు.

“వల చాలన్నది తమరేగా?”

“చవకని కొన్నది మీరండి.”

మర్యాద ‘అండీ’ దాటలేదు గానీ, చేతులు కాలర్లు దాటాయి. ఆయన నా గూబ పగలగొట్టారు. నేను ఆయన ముక్కు మీద గుద్దాను. రక్తం కారుతుండగా ఇద్దరం బురదలో దొర్లాం. అప్పుడే ఓ పీత నా కుడిచేతి బొటనవేలు పట్టింది. ఎముక పటపటమంది. బావగారు దాని డెక్కను మొదలంటా మెలితిప్పి ఊడబెరికారు. ఒంటినుంచి ఊడినా ఆ డెక్క నన్ను వదల్లేదు. చివరికి కత్తి వెనకవైపుతో కొట్టి పగలగొట్టారు.

కుట్లు వేయించుకుని ఇంటికొచ్చి, వల సంగతి మళ్లీ ఎత్తాను.

“సగం మిగిలాయా?” అంది మా ఆవిడ.

“లేదు. కానీ...”

“కారణం ఏదైనా సరే అన్నానండీ.”

ఆపేశాను. బావగారికి వదులుకోవడానికి వేరే ఉద్యోగం లేదు. ఆయన వెదురు తడికలతో మూడో విడత వేశారు. సగం కంటే ఎక్కువే మిగిలాయి. నేను ఆవిడ ముందు ఎగిరి గంతేశాను.

“అయితే తడికలతో మళ్లీ మొదట్నుంచి మూడు విడతలు. అవే షరతులు,” అంది. “రేపు మాత్రం ఆఫీసుకెళ్లండి.”

వెళ్లాను. ఇంకా కట్టు విప్పని వేలితో సంతకం గీస్తుంటే, అసలేమైందండీ అని ప్రిన్సిపాల్ అడిగారు.

“మీకో రాజీనామా తప్పిందండి,” అన్నాను. “ప్రస్తుతానికి.”