ఆరో ఏటి బాండు

మా ఆయన వాళ్ల అన్న ఇంట్లో దావత్‌కి వెళ్లి వచ్చి, చెప్పులు గుమ్మంలో విడుస్తూ చెప్పాడు. "అన్నకు మాట ఇచ్చిన. ఆరో ఏటి బాండు అమ్మేసి ప్లాట్ల పెడదాం. పదిమంది ముందట చెయ్యి కలిపిన, ఇగ ఎనుకకు పోతే మంచిగుండదు."

నా ఒళ్లు మండిపోయింది. ఇది రాస్తుంటే కూడా మండుతూనే ఉంది.

అది ఎవరి బాండో ఆయనకు తెలుసు. నేను విమానాశ్రయం పక్కన కార్గో కంపెనీలో లెక్కలు రాసి రిటైరయ్యాను. ప్రావిడెంట్ ఫండూ గ్రాట్యుటీ ఒక్కసారిగా చేతికొచ్చాయి. ఎప్పటినుంచో కట్టుకుంటున్న పాలసీ పింఛను మాత్రం ఏడో ఏడాదికి గానీ మొదలుకాదు. మా ఆయన చూపు మందగించి క్యాబ్ నడపడం మానేశాడు. అంటే నడుమ ఆరేళ్లు ఆ డబ్బుతోనే ఇల్లు గడవాలి. మాకు ఒక్కతే కూతురు. మాటలు రావు, అన్నం ఒకరు కలిపి పెట్టాలి. పగటిపూట అత్తాపూర్‌లో ఒక సెంటర్‌కి వెళుతుంది. ఆ సెంటర్ వాళ్లకే ఒక హాస్టల్ ఉంది. ముప్పై నిండినవాళ్లను చేర్చుకుని బతికినంత కాలం చూసుకుంటారు. చేరే ముందు పెద్ద డిపాజిట్ కట్టాలి. మా బిడ్డకు ముప్పై నిండేది సరిగ్గా ఆ ఆరో ఏట. ఆ ఏడు మార్చికి కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అందుకే నేను ప్రభుత్వ బాండ్లతో నిచ్చెన కట్టాను. ఏ ఏటి ఖర్చుకు ఆ ఏడు గడువు తీరే బాండు. అందరూ మొదటి మెట్టునుంచి మొదలుపెడతారనుకుంటారు, కాదు. చివరి మెట్టు ముందు కొనాలి. ఆరో ఏడు కావలసింది ఎక్కువ, డిపాజిట్ కూడా ఉంది కాబట్టి ఆ బాండే అన్నిటికంటే పెద్దది. దానిమీద ఆరు నెలలకోసారి వడ్డీ వస్తుంది. ఆ వడ్డీ ముందున్న అయిదేళ్ల ఖర్చులోనూ కొంత తీరుస్తుంది, కాబట్టి అయిదో ఏటి బాండు ఆ మేరకు తక్కువ కొంటే సరిపోతుంది. ఆ రెండిటి వడ్డీ తీసేసి నాలుగో ఏటిది. అలా వెనక్కి వెనక్కి వచ్చాను. వడ్డీమీద పన్ను పోతుందని అదీ తీసేసి చూసుకున్నాను. ప్రతి బాండు గడువూ మాకు డబ్బు కావలసిన నెలకంటే కాస్త ముందే ఉండేలా ఏరుకున్నాను. గడువుదాకా పట్టుకుంటే మార్కెట్లో ధర ఎగిరినా పడినా మనకు పనిలేదు, బాండుమీద రాసిన అసలు చేతికొస్తుంది. నాకు కావలసింది ఆ నిశ్చింతే.

ఇదంతా మా ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. తలూపాడు. ఆ తలూపడం నమ్మినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"ఏందయ్యా, బిడ్డ పైసలు చెయ్యి కలిపి ఇచ్చేస్తవా?" అన్నాను.

"ఆరేండ్లు ఉత్తగనే పడుంటయి కదనే. అప్పటికి ప్లాటు రెండింతలైతది. అప్పుడు అమ్మి కట్టుకుందం. మిగిలిన అయిదు బాండ్లు ఎక్కడ పోతయి?"

అదీ అసలు జబ్బు. ఈ కుటుంబంలో రేపటి డబ్బు ఎవరిదీ కాదు. ఇవాళ ఖర్చు కాని ప్రతి రూపాయీ ఉత్తగా పడున్నదే. ముందు అడిగినవాడిదే. విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి వీళ్లు భూమి తప్ప ఇంకేదీ చూడలేదు. అవసరమొస్తే ఒక ముక్క అమ్ముతారు. కొనేవాడు దొరికేదాకా ఆ అవసరం చేతులు కట్టుకుని కూర్చుంటుందా? పెళ్లిళ్లు ఆగాయి, ఆపరేషన్లు ఆగాయి, కోర్టు గొడవల్లో చిక్కి ఒక బావి దగ్గరి జాగా ఇప్పటికీ అలాగే ఉంది. అయినా బుద్ధి రాలేదు.

నేను ఆయన్ని కూర్చోబెట్టి మళ్లీ చెప్పాను. ఆరోది అమ్మితే ఆరో ఏడు ఒక్కటే ఖాళీ కాదు. దాని వడ్డీ లెక్కలోకి తీసుకునే మిగిలిన అయిదు బాండ్లూ తక్కువ కొన్నాను. అది పోతే వచ్చే ఏడు నుంచే ఇంటి ఖర్చుకు తక్కువ పడుతుంది. పైగా ఇప్పుడు అమ్మితే ఇవాళ్టి ధరకే అమ్మాలి. మనలాంటి చిన్న మొత్తం కొనేవాళ్లు తక్కువ, చెప్పిన ధరకు ఒప్పుకోవాలి.

ఆయన ముఖం వాడిపోయింది. "గిది నాకు తెల్వదు," అన్నాడు చిన్నగా.

"తెల్వకపోతే అడగాలె. అడగకుంట ఊరందరి ముందట చెయ్యి కలిపితే ఎట్ల?" అని అరిచాను. పక్కింటివాళ్లు విన్నారేమో, విననీ.

మర్నాడు ఇద్దరం శంషాబాద్‌లో బావ ఇంటికి వెళ్లాం. బావ అంటే మా ఆయన అన్న. ప్లాట్ల వ్యాపారం. కొత్త వెంచర్ ఫోటోలు సోఫామీద పరిచి ఉన్నాయి. అక్క, అంటే బావ భార్య, పళ్లెంలో టీ తెచ్చింది. ఆయన నాతో కాదు, తమ్ముడితోనే మాట్లాడాడు. "ఏంది తమ్మీ, ఖాతా ఇద్దరి పేరు మీదుందట కదా, సంతకాలకు పరేషాన్ ఏం లేదు కదా?"

నేనే జవాబిచ్చాను. "బావా, ఆ పైసలు ఇయ్యం."

"ఆడోళ్లు గిట్ల భయపడితే భూములు ఎట్ల కొంటరమ్మా? గవర్నమెంటు కాయితం ఇచ్చే వడ్డీ ఎంత? భూమి ఎన్నడన్నా మోసం జేసిందా?"

"భూమి మోసం చెయ్యదు బావా. నాకు కావలసిన మార్చిల అమ్ముడువోతదా అని అడుగుతున్న."

"పోకపోతే ఏమైతది? ఒక ఏడు ఆగుతరు. మన బిడ్డ ఏడికి పోతది?"

మన బిడ్డ. ఆ మాట విన్నాక నాకు గౌరవం గుర్తులేదు. పండక్కి వస్తే ఆ పిల్లను వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు వేసే ఇల్లు అది.

"సరే బావా. ఆ ఏడు మీ ప్లాటు అమ్ముడువోకపోతే, మాకేమన్నా అయితే, మన బిడ్డను ఈ ఇంట్ల పెట్టుకుంటరా? అన్నం కలిపి పెడతరా? అక్కా, నువ్వు తానం చేపిస్తవా?"

అక్క పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. బావ ఫోటోలు సర్దుకున్నాడు. పైనుంచి ఒక విమానం దిగుతున్న మోతకు కిటికీ అద్దాలు వణికాయి.

చివరికి మా ఆయన లేచాడు. "అన్నా, నా మాట వాపస్ తీసుకుంటున్న. తప్పు నాదే, జర మాఫ్ చెయ్యి."

బావ తలెత్తలేదు. ఆ రోజు నుంచి మాతో మాటల్లేవు, దావత్‌లకు పిలుపూ లేదు. మొన్న మొదటి బాండు గడువు తీరి అసలు బ్యాంకులో పడింది. మా ఆయన ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ మెసేజ్ నాకు చదివి వినిపించి, "అన్నకు ఫోన్ చెయ్యమంటవా? ఇంక ఎన్ని దినాలు గిట్ల?" అని అడిగాడు.

చేసుకో అన్నాను. నా కోపం మాత్రం తగ్గదని కూడా చెప్పాను. ఆయన పది మందిలో మాట ఇచ్చినందుకు కాదు, అది ఎప్పుడో పోయింది. నేను అడిగిన దానికి ఆ ఇంట్లో ఒక్కరూ, అబద్ధానికైనా, "పెట్టుకుంటం" అనలేదు. అనరని నాకు ముందే తెలుసు. తెలుసు కాబట్టే బాండ్లు కొన్నాను.