లోపల వదిలిన గుడ్డ

ఏడో తరగతిలో లెక్కల పరీక్షకు ముందురోజు బడి మానేసి కుట్టుమిషను ఎక్కినవాణ్ణి నేను. అలాంటి నాచేత యాభయ్యో ఏట కేలరీలు లెక్కపెట్టించిన ఘనత మా జిమ్ కోచ్‌ది. గవర్నరుపేటలో నా దుకాణానికి రెండు సందుల అవతల అతని జిమ్. చొక్కా చేతులు కండలకు పట్టేస్తున్నాయని వదులు చేయించుకోవడానికి వచ్చి, నా పొట్ట వంక చూసి, "మాస్టారూ, ముందు మిమ్మల్ని టైటు చేయాలండీ" అన్నాడు. అలా మొదలైంది.

ఎనిమిది నెలల్లో తొంభై ఆరు కిలోల నుంచి డెబ్బై ఎనిమిదికి దిగాను. చివరికొచ్చేసరికి రోజుకు పదిహేను వందల కేలరీలే. నా ప్యాంట్లు నేనే బిగించుకున్నాను. ఎవరికి కుట్టినా నడుము వెనక కుట్టులో అంగుళంన్నర గుడ్డ లోపల వదులుతాం. రేపు మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేయొచ్చు. నా ప్యాంట్లలో మాత్రం ఆ గుడ్డ కత్తిరించి పారేశాను. పదేళ్ళ కిందట ఇలాగే పన్నెండు కిలోలు తగ్గి, ఇక అయిపోయిందని ఒక్కరోజులో పాత తిండిలోకి దూకి, ఏడాదిలో పదిహేను కిలోలు పెరిగాను. ఈసారి వెనక్కి దారే ఉండకూడదనుకున్నాను.

నిజానికి నాలుగో నెల చివరే కోచ్ రెండు వారాలు విరామం ఇచ్చాడు. పెరగకుండా, తగ్గకుండా, ఉన్నచోటే ఉండేటంత తినాలి, ముఖ్యంగా అన్నం పెంచాలి అన్నాడు. నాలుగో రోజుకే కాటా కిలో మూడొందలు ఎక్కువ చూపించింది. జిమ్‌కి పరుగెత్తాను. అతను తొణకలేదు. మెడలో వేలాడుతున్న నా టేపుతోనే నా నడుము కొలవమన్నాడు. కొలిస్తే అంతకుముందు ఎంతో అంతే.

"అన్నం ఒంట్లో నిలవ ఉండాలంటే తనతోపాటు నీళ్ళని కూడా పట్టి ఉంచుతుంది మాస్టారూ. అది కొవ్వు కాదు."

విరామం అయ్యాక పదిరోజుల్లో ఆ కిలో మూడొందలూ ఎటు వచ్చిందో అటే పోయింది. టేపు మీద నాకున్న గౌరవం పెరిగింది కానీ, భయం తగ్గలేదు.

డెబ్బై ఎనిమిదికి చేరేసరికి మే నెల. బెజవాడ ఎండలో ఫ్యాను ఆపమన్న ఏకైక మనిషిని నేనే అయ్యుంటాను. ఒళ్ళంతా చలి, నిద్ర పట్టదు. కంకిపాడు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు కాలర్ గురించి రెండోసారి అడిగితే కసిరేశాను. కోచ్ అంతా విని, తగ్గడం అయిపోయింది, ఇక తిండి మెల్లగా పెంచుదామన్నాడు. వారానికో వంద కేలరీలు, అంటే పూటపూటకీ కాదు, రోజు మొత్తానికి ఒక చిన్న గరిటెడు అన్నం ఎక్కువ. పొద్దున్నే బరువు చూసుకోవాలి గానీ, ఒక్కరోజు అంకె చూసి గుండెలు బాదుకోకుండా వారం సగటే లెక్కలోకి తీసుకోవాలి. అన్నం తూచి పెట్టే బాధ్యత మా ఆవిడకి అప్పగించాడు.

ఆవిడ తూచి పెట్టేది. ఆవిడ మంచినీళ్ళ కోసం లేవగానే నేను ఆ అదనపు గరిటె మళ్ళీ గిన్నెలోకి తోసేసేవాణ్ణి. మూడు వారాలు ఇలాగే గడిచాయి. బరువు ఇంకో ఆరొందల గ్రాములు తగ్గింది. తిండి పెంచినా తగ్గుతున్నారేమిటని కోచ్ బుర్ర గోక్కున్నాడు. మా వంశంలోనే ఉందన్నాను.

ఒకరోజు ఆవిడ చెంబుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవర్ని మోసం చేస్తున్నారండీ?"

"గిన్నెని" అన్నాను.

నవ్వలేదు. నా జోకు మీద ఆవిడ నవ్వకపోవడం అదే మొదటిసారి కాదు గానీ, ఆ రోజు నాకూ నవ్వు రాలేదు. మళ్ళీ లావైపోతానేమోనని భయంగా ఉందని చెప్పేశాను. ఆవిడ చెంబు కింద పెట్టి పక్కన కూర్చుంది.

"పదేళ్ళ కిందట డాబా మీంచి దూకారు. ఇప్పుడు కోచ్ మెట్ల మీంచి దిగమంటున్నాడు. రెండూ ఒకటేనా?"

గిన్నెలోని గరిటెడు అన్నం నా కంచంలోకి తిరిగొచ్చింది. తిన్నాను. మర్నాడు కోచ్‌కి నిజం చెబితే, మీ వంశం సంగతి నాకు ముందే అనుమానమండీ అని, మొదటి వారం నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు.

ఏడు వారాలకు రోజుకి ఇరవై రెండు వందల దగ్గర ఆగాం. బరువు డెబ్బై తొమ్మిది, నడుము టేపు మీద అదే గీత. ఫ్యాను తిరుగుతోంది, నేను నిద్రపోతున్నాను. డెబ్బై ఎనిమిదికీ ఎనభైకీ మధ్య ఎక్కడున్నా కంగారు పడొద్దు, ఆ మాత్రం అటూ ఇటూ ఉంటుందన్నాడు కోచ్.

ఆ వారమే నాకో కొత్త ప్యాంటు కుట్టుకున్నాను. నడుము వెనక కుట్టు వేశాక అలవాటుగా చెయ్యి కత్తెర మీదికి పోయింది. కాసేపు ఆ అంగుళంన్నర గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూశాను. కంకిపాడు పెళ్ళికొడుక్కి వదిలినట్టే నాకూ వదిలి, ఇస్త్రీ పెట్టి మడత లోపలికి తిప్పేశాను.