గోడ మీద చీటీ, ట్రేలో సీడీ

తిరుపతిలో ఒక చిన్న క్లినిక్‌లో నేను రిసెప్షనిస్టుగా ఉన్నప్పుడు, అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ నత్తలా నడిచి ప్రాణం తీసేది. తనను పిలిచేముందు చూసుకోమని టెక్నీషియన్ ఒక చీటీ రాసి గోడకంటించాడు: డాక్టర్ గారి కంప్యూటరూ నెమ్మదించిందా, కేబుల్ సరిగా ఉందా, అక్కర్లేనివన్నీ మూశావా, ఆపి మళ్ళీ వేశావా.

అన్నీ చేశాను. మారలేదు. రేణిగుంట నుంచి అతను వచ్చి, వెయిటింగ్ హాల్లోకి రోజంతా పాడే భక్తిపాటల సీడీని నా కంప్యూటర్ ట్రేలోంచి బయటికి లాగాడు. దానినిండా గీతలు. పేషెంట్ల పేర్లు టకటకా వచ్చాయి.

"దీన్ని చదవలేకనే తన్నుకులాడతా ఉండాది. ఇది మూయలేదేమ్మా?"

దేవుడి పాట అక్కర్లేనిదని నాకెలా తోస్తుంది?

లోపల్నుంచి డాక్టర్ గారు అరిచారు. "పాటెవరు ఆపినారు? పెట్టమ్మా!"

పెట్టాను. మర్నాడు కంప్యూటర్ మళ్ళీ మొరాయించింది.

"చీటీ చూసినావా?" అన్నారు డాక్టర్ గారు.

"చూసినాను సార్" అన్నాను, పాటకంటే గట్టిగా.