టోకెనమ్మ కత్తిరించిన స్క్రీన్‌షాట్

పళ్ళ ఆసుపత్రి ముందు బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా టోకెన్లిస్తున్న ఆవిడను అందరూ టోకెనమ్మ అనే పిలిచేవారు. డాక్టరుకు భయపడని రోగులు కూడా ఆవిడకు భయపడేవారు. ఎవరైనా "నిన్న రాత్రి భోంచేసి పడుకున్నానండీ..." అని మొదలుపెడితే చాలు, "కథ వద్దు. ఏ పన్ను? ఎప్పట్నించి?" అని గదమాయించేది. మత్తు ఇంజెక్షనుతో మూతి వంకరపోయినవాళ్ళ మాటలు అర్థం చేసుకోవడంలో మాత్రం ఆవిడకు సాటి లేరు.

అంతటి మనిషి ఆ రోజు పొద్దున పదకొండింటికి పార్సిల్ పేరుతో మోసపోయింది. అడ్రసు తప్పుగా ఉందని ఒక మెసేజీ, వెనకే "అమ్మా" అంటూ తేనె లాంటి గొంతు. లింకు తెరిచి బ్యాంకు వివరాలు నింపింది. ఓటీపీ ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పింది. పైగా "థాంక్యూ బాబూ, నీలాంటి పిల్లలు ఉండాలి" అని మెసేజీ కూడా పెట్టింది. ఖాతాలోంచి మొదట నలభై ఎనిమిది వేలు, తర్వాత ముప్ఫై రెండు వేలు పోయాయి. బాబు ఫోను ఎత్తడం మానేశాడు.

"ఛీ, నీ మొహం చూడ్డమే పాపం" అంటూ ఆవిడ ఆ మెసేజీలన్నీ చెరిపేయబోయింది. ఎదురుగా బుగ్గలో దూది కుక్కుకుని కూర్చున్న ఒక పెద్దమనిషి గబుక్కున లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎయపకంయి! యాంకుకి ఓన్!" అన్నాడు.

"చెరపకండి, బ్యాంకుకి ఫోన్ అంటున్నారా?"

ఆయన తలూపి, మిగతాది చొంగ కారుస్తూనే చెప్పాడు. తనూ ఒకప్పుడు ఇలాగే పోగొట్టుకున్నాడట. ఎవరైనా నవ్వుతారని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదట. ఆ మూడు రోజుల్లో డబ్బు నాలుగు ఖాతాలు దాటి మాయమైందట.

టోకెనమ్మ వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసింది. వాళ్ళు ఖాతా లావాదేవీలు ఆపి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. తర్వాత మోసాల ఫిర్యాదులు తీసుకునే హెల్ప్‌లైనుకు చేసింది. రెండు చోట్లా అదే ప్రశ్న, "ఎంత పోయింది?" రెండు చోట్లా అదే జవాబు, "నలభై ఎనిమిది వేలు." ఒకసారి మోసపోయానంటే జనం జాలిపడతారు, రెండుసార్లంటే నవ్వుతారని ఆవిడ లెక్క.

పన్నెండున్నరకు సైబరు పోలీసుల దగ్గరకు వెళ్ళింది. అక్కడ ఆవిడ కూతురి వయసు ఎస్సై ఒకతె కూర్చుని ఉంది.

"ఏం చెప్పమంటావమ్మా, పొద్దున్నే లేచి స్నానం చేసి..."

"కథ తర్వాత విందామండీ. ట్రాన్సాక్షన్ నంబరు? ఎన్నింటికి పోయింది?"

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి టోకెనమ్మకు ఆ మాట అవతలివైపు నుంచి తగిలింది. కథ ఆపి, ఆ మెసేజీలకు తీసిన స్క్రీన్‌షాట్ చూపించింది.

ఎస్సై దాన్ని అటూ ఇటూ తిప్పింది. "పైన కత్తిరించారేంటి? నంబరు లేదు, తేదీ లేదు, లింకు లేదు. కిందా కత్తిరించారు."

"అదంతా అనవసరం కదా అని..."

"మాకు అవసరమైనదంతా అక్కడే ఉందండీ. ఫోన్ ఇలా ఇవ్వండి."

అసలు మెసేజీలు చెరపలేదు కనుక బయటపడ్డాయి. "నీలాంటి పిల్లలు ఉండాలి" కూడా బయటపడింది. ఎస్సై పెదవులు బిగించుకుని కిందికి జరిపింది. బ్యాంకు మెసేజీలు రెండు కనిపించాయి.

"ఈ ముప్ఫై రెండు వేలు ఎవరివి?"

"...నావే."

"హెల్ప్‌లైనుకు చెప్పారా?"

టోకెనమ్మ గోడ గడియారం వంక చూసింది.

ఎస్సై కంప్యూటరులో ఆవిడ ఫిర్యాదు తెరిచింది. రెండో ట్రాన్సాక్షన్ నంబరు చేర్చి అప్పటికప్పుడు పంపింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. మొదటి దాంట్లో నలభై ఒక్క వేలు అవతలి ఖాతాలో దొరికితే కదలకుండా ఆపారు. రెండోది వేరే ఖాతాకు వెళ్ళింది, పన్నెండుకే ఎవరో ఏటీఎంలో తీసేసుకున్నారు.

"పదకొండుంబావుకే చెప్పి ఉంటే?" అంది టోకెనమ్మ.

"దొరికేదని చెప్పలేను. వెతికేవాళ్ళం."

మొహమాటానికి ముప్ఫై రెండు వేలు! ఆ రాత్రి భర్తకు మొత్తం చెప్పింది, దాచకుండా. ఆయన నవ్వలేదు. ఆవిడకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

బ్యాంకు స్టేట్‌మెంటు, ఫిర్యాదు కాపీ, కోర్టు ఉత్తర్వు పట్టుకుని తిరగ్గా తిరగ్గా మూడో నెలకు నలభై ఒక్క వేలు ఖాతాలో పడ్డాయి. ఆ వారమే ఇంకో తేనె గొంతు ఫోన్ చేసింది. మిగతా డబ్బు ఇప్పిస్తారట, ముందు కొంచెం ఫీజు కట్టాలట.

"అలాగే బాబూ, వివరాలన్నీ మెసేజీ పెట్టు" అంది టోకెనమ్మ. అది రాగానే నంబరు, తేదీ, లింకు కనిపించేలా ఏమీ కత్తిరించకుండా స్క్రీన్‌షాట్ తీసి ఎస్సైకి పంపి, తర్వాతి టోకెన్ పిలిచింది.